స్కూటర్‌కు కిలోమీటరుకు అసలెంత పడుతోంది? పెట్రోలు స్లిప్పుల నుంచి బస్సు పాసు దాకా పూర్తి లెక్క

స్కూటర్ ఉన్నవాళ్లను కిలోమీటరుకు ఎంత పడుతుందని అడిగి చూడండి. "లీటరుకు నలభై అయిదు ఇస్తోంది, అంటే రెండున్నర లోపే" అని ఠక్కున చెప్పేస్తారు. అది పెట్రోలు లెక్క ఒక్కటే. ఇంకొకరు ఈఎంఐ, ఇన్సూరెన్సు, సర్వీసింగు అన్నీ కలిపేసి తొమ్మిదో పదో అంటారు. ఆటో ఎక్కడమే నయమనిపించేలా ఉంటుంది ఆ అంకె. రెండూ నమ్మదగినవి కావు. అసలు ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకుండా లెక్క మొదలుపెట్టడం వల్లే ఈ తేడా వస్తుంది.

ప్రశ్నలు రెండున్నాయి. బండి ఇంటి ముందు ఉంది, ఇవాళ ఆఫీసుకు దాని మీద వెళ్లాలా, బస్సెక్కాలా అన్నది మొదటిది. అసలు ఈ బండి ఉంచుకోవాలా, అమ్మేసి బస్సు, ఆటోలతో సరిపెట్టుకోవాలా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు బండి కదిలితేనే అయ్యే ఖర్చు చూడాలి. రెండోదానికి కదలకపోయినా అయ్యే ఖర్చు కూడా కలపాలి. అందుకే మనకు ఒకటి కాదు, రెండు అంకెలు కావాలి.

హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది స్కూటర్ లెక్కతో ఇది చేసి చూపిస్తాను. 110 సీసీ పెట్రోలు స్కూటర్, కొని మూడున్నరేళ్లయింది. ఈసీఐఎల్ నుంచి సికింద్రాబాద్‌కు పోను పది, రాను పది కిలోమీటర్లు, నెలకు 24 రోజులు. అంటే ఆఫీసుకే 480 కిలోమీటర్లు. కూరగాయలు, చుట్టాల ఇళ్లు, ఆదివారం తిరుగుళ్లు కలిపి ఇంకో 150. మొత్తం నెలకు 630. మీ ఊరు, మీ బండి వేరే అయితే అంకెలు మారతాయి గానీ, పద్ధతి ఇదే.

ముందు ఓడోమీటర్, తర్వాతే స్లిప్పు

పెట్రోలు స్లిప్పులో రేటు, లీటర్లు, మొత్తం సొమ్ము, తేదీ ఉంటాయి. మనకు కావాల్సిన ముఖ్యమైన సంగతి మాత్రం అందులో ఉండదు. పెట్రోలు పోయించిన క్షణానికి బండి ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఉందో మనమే రాసుకోవాలి. పైగా ఆ స్లిప్పు థర్మల్ కాగితం. డిక్కీలో ఎండకు, ఇంజను వేడికి నెల రెండు నెలల్లో అక్షరాలు మాయమై తెల్ల ముక్క మిగులుతుంది. కాబట్టి బంకులోనే స్లిప్పును మీటర్ పక్కన పెట్టి రెండూ కనబడేలా ఒక ఫొటో తీసుకుంటే చాలు. తీరిక దొరికినప్పుడు ఆ ఫొటోలు చూసి ఒక షీటులో తేదీ, మీటర్ రీడింగు, సొమ్ము, లీటర్లు ఎక్కించుకోవచ్చు.

ఇక్కడ చాలామంది మైలేజీ కనుక్కోవడానికి తిప్పలు పడతారు. నిజానికి రూపాయల లెక్కకు మైలేజీ అవసరమే లేదు. కొంతకాలంలో పెట్రోలుకు పెట్టిన మొత్తాన్ని ఆ కాలంలో తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు నేరుగా వచ్చేస్తుంది. రేట్లు మధ్యలో మారినా ఇబ్బంది లేదు, ఎందుకంటే కట్టిన సొమ్మునే కూడుతున్నాం.

ఒక్క చిక్కు ఉంది. లెక్క మొదలుపెట్టిన రోజు ట్యాంకులో ఎంత ఉందో, ముగించిన రోజు ఎంత ఉందో తెలియదు కదా. ఆ తేడా రెండు లీటర్లు అనుకోండి. అయిదువందల కిలోమీటర్ల లెక్కలో మొత్తం పెట్రోలే పదకొండు లీటర్లు, అందులో రెండు లీటర్ల పొరపాటు అంటే దాదాపు అయిదో వంతు తప్పు. అదే ఏడాది లెక్కలో 168 లీటర్లు ఉంటాయి, రెండు లీటర్లు ఒక శాతం కొంచెం పైన. అందుకే ఒక నెల చూసి "మా బండి మైలేజీ పడిపోయింది" అని టెన్షన్ పడటం అనవసరం. కనీసం రెండు వేల కిలోమీటర్లయినా లెక్కలోకి రావాలి.

ఎప్పుడూ ఫుల్ ట్యాంకు కొట్టించేవాళ్లకు పని ఇంకా తేలిక. నాజిల్ తనంతట తాను 'టక్'మని ఆగిన చోటే ఆపించాలి, పైన ఇంకాస్త పోయించకూడదు. బండి ప్రతిసారీ మెయిన్ స్టాండు మీదే ఉండాలి. ఇలా చేసేవాళ్లు మొదటి స్లిప్పు సొమ్మును కూడకూడదు. ఆ పెట్రోలు అంతకుముందు తిరిగిన కిలోమీటర్లకు పూడ్చినది. ఖాళీ కాబోతుండగా రెండొందలకు పోయించే అలవాటున్నవాళ్లది దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. వాళ్లు చివరి స్లిప్పును వదిలేయాలి, అది ఇంకా ట్యాంకులోనే ఉంది. షీటులో రీడింగులు బి నిలువు వరుసలో, సొమ్ము సి వరుసలో ఉన్నాయనుకుంటే, ఫుల్ ట్యాంకు వాళ్ల సూత్రం ఇది:

```
=SUM(C3:C100)/(MAX(B2:B100)-MIN(B2:B100))
```

సొమ్ము మూడో వరుస నుంచి, రీడింగులు రెండో వరుస నుంచి మొదలవడం గమనించారా, మొదటి స్లిప్పును వదిలేయడమంటే అదే.

మా బావమరిది రెండొందల బాపతు. ఏడాదికి 90 స్లిప్పులు, మొత్తం 18,000 రూపాయలు. మీటర్ 18,420 నుంచి 25,980కి వచ్చింది, అంటే 7,560 కిలోమీటర్లు. కిలోమీటరుకు 2 రూపాయల 38 పైసలు. లీటరు సగటున 107 రూపాయల 40 పైసలు పడింది కాబట్టి మైలేజీ 45 అని తేలుతుంది. బండి డిస్‌ప్లేలో మాత్రం 52 చూపిస్తోంది! స్లిప్పులనే నమ్మండి.

స్లిప్పు పోతే ఎలా తెలుస్తుంది

ఒకటో రెండో స్లిప్పులు తప్పిపోవడం మామూలే. అవి పోతే బండి ఉన్నదానికంటే చవగ్గా కనబడుతుంది, అదే ప్రమాదం. పట్టుకోవడం మాత్రం కష్టం కాదు. రెండొందలకు 1.86 లీటర్లు వస్తుంది, 45 చొప్పున అది 84 కిలోమీటర్లకు సరిపోతుంది. కాబట్టి వరుసగా రెండు స్లిప్పుల మధ్య మీటర్ ఎనభై తొంభై జరగాలి. ఎక్కడైనా ఒక్కసారిగా 165 జరిగిందంటే మధ్యలో ఒక స్లిప్పు ఎగిరిపోయినట్టే. ఫోన్‌లో యూపీఐ చెల్లింపుల చరిత్ర తెరిచి ఆ తేదీల మధ్య చూస్తే బంకు పేరు మీద రెండొందలు దొరుకుతుంది. నగదు ఇచ్చి ఉంటే దొరకదు. అప్పుడు ఆ గ్యాప్‌కు రెండొందలు మనమే వేసుకోవాలి, వదిలేయకూడదు.

మీటరే తప్పు చూపిస్తుంటే? ఒకసారి ఖాళీ రోడ్డు మీద ఇరవై ముప్పై కిలోమీటర్లు ఫోన్ మ్యాపుతో సరిచూసుకోండి. ఒకటి రెండు శాతం తేడా అయితే పట్టించుకోవక్కర్లేదు.

సర్వీసింగును సంవత్సరంతో కాదు, కిలోమీటర్లతో భాగించాలి

లెక్కలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఈ ఏడాది బిల్లులన్నీ కూడి ఈ ఏడాది కిలోమీటర్లతో భాగిస్తే, టైర్లు మార్చిన ఏడాది బండి భయంకరంగానూ, మార్చని ఏడాది బంగారంలానూ కనబడుతుంది. నిజానికి టైరు మార్చని ఏడాది కూడా టైరు అరుగుతూనే ఉంది, బిల్లు మాత్రం వెనకాల వస్తుంది. అందుకే ప్రతి వస్తువు ఖర్చునూ అది ఎన్ని కిలోమీటర్లు వస్తుందో దానితో భాగించాలి.

బావమరిది దగ్గరున్న బిల్లుల ప్రకారం మామూలు సర్వీసు మూడు వేల కిలోమీటర్లకోసారి. ఆయిల్, బ్రేకుల సర్దుబాటు, కూలీ, జీఎస్టీ అన్నీ కలిపి 1,200. అంటే కిలోమీటరుకు 40 పైసలు, అన్నిటికంటే పెద్ద భాగం ఇదే. వెనక టైరు ఇరవై వేలు వచ్చింది, బిగింపుతో 1,900 అయింది. ముందు టైరు ముప్పై వేలు వస్తుందని మెకానిక్ అన్నాడు, దాని ధర 1,800. రెండూ కలిపి పదిహేనున్నర పైసలు. స్కూటర్‌కు గొలుసు ఉండదు గానీ బెల్టు, రోలర్లు ఉంటాయి. 24 వేలకు మార్చారు, 1,800 అయింది, అంటే ఏడున్నర పైసలు. బెల్టు చాలామంది మరిచిపోయే ఖర్చు. తెగేదాకా అది ఉందనే గుర్తుండదు, తెగితే మాత్రం బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది, ఆపైన తోపుడు ఖర్చు అదనం. బ్రేకు షూలకు అయిదు పైసలు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గుకు నాలుగు, పంక్చర్లు, వాటర్ వాష్ ఏడాదికి ఆరొందలు కాబట్టి ఎనిమిది పైసలు.

అన్నీ కూడితే కిలోమీటరుకు 80 పైసలు. పెట్రోలుతో కలిపితే 3 రూపాయల 18 పైసలు. మనకు కావాల్సిన మొదటి అంకె ఇదే, బండి కదిలితేనే అయ్యే ఖర్చు.

బ్యాటరీని ఇందులో కలపలేదు. దాని ఆయుష్షు కిలోమీటర్లతో కాకుండా ఏళ్లతో నడుస్తుంది. బండి తీయకుండా పెడితే ఇంకా ముందే పోతుంది కూడా. దాన్ని తర్వాతి పద్దులో వేద్దాం.

సర్వీసు బిల్లు ఎక్కించేటప్పుడు ఒకసారి దాన్ని చదవండి. ఇంజను డీకార్బనైజింగు, టెఫ్లాన్ కోటింగు, చెయిన్ లేని బండికి చెయిన్ క్లీనర్, ఇలాంటివి అడక్కుండా చేరిపోతుంటాయి. మా ఊళ్లో ఒక సర్వీసు సెంటరులో నా బిల్లుకు ఆఖరిది నిజంగానే చేరింది, అడిగితే తీసేశారు. అవసరం లేని ఇలాంటి పద్దు మూడొందలది ప్రతి సర్వీసులోనూ చేరితే కిలోమీటరుకు పది పైసలు పెరుగుతుంది.

కదలకపోయినా అయ్యే ఖర్చు: ఇన్సూరెన్సు, పడిపోయే విలువ

ఇన్సూరెన్సులో రెండు ముక్కలున్నాయి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ, ఇది చట్టప్రకారం తప్పనిసరి. మన బండికి జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్, ఇది మన ఇష్టం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండి కొంటే థర్డ్ పార్టీని ఒకేసారి అయిదేళ్లకు కట్టించుకుంటున్నారు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి అయిదేళ్లకు 3,851, ఏడాదికైతే 714, పైన 18 శాతం జీఎస్టీ. ఈ అయిదేళ్ల సొమ్ము ఆన్‌రోడ్ ధరలోనే కలిసి ఉంటుంది. కాబట్టి ఆన్‌రోడ్ ధర నుంచి విలువ తగ్గుదల లెక్కేసేవాళ్లు దీన్ని విడిగా మళ్లీ రాస్తే ఒకే డబ్బును రెండుసార్లు ఖర్చుపెట్టినట్టవుతుంది. ఆరో ఏడాది నుంచి మాత్రం దీన్ని ఏటా రాయాల్సిందే.

ఓన్ డ్యామేజ్, యజమాని ప్రమాద బీమా కలిపి బావమరిది ఏటా 1,250 కడుతున్నాడు. ఖర్చు తగ్గుతుందని కొందరు ఇన్సూరెన్సు మొత్తంగానే రెన్యూవల్ చేయించరు. థర్డ్ పార్టీ లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000, రెండోసారి 4,000. ఓన్ డ్యామేజ్ ఆగిపోయి తొంభై రోజులు దాటితే అప్పటిదాకా క్లెయిము లేకుండా కూడిన బోనస్ కూడా పోతుంది. ఇది ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే తగ్గింపు.

ఇక అన్నిటికంటే పెద్ద పద్దు, ఏ స్లిప్పులోనూ కనబడనిది, బండి విలువ పడిపోవడం. ఇక్కడ పాలసీలో బండి విలువగా రాసి ఉన్న ఐడీవీని అమ్మకపు ధర అనుకోవద్దు. ఐడీవీ అనేది కంపెనీ ధర మీద వయసును బట్టి ఇంత శాతం తగ్గించమని ఉన్న పట్టిక నుంచి వచ్చేది. మూడు నుంచి నాలుగేళ్ల బండికి 40 శాతం, నాలుగు నుంచి అయిదేళ్లకు 50 శాతం తగ్గిస్తారు. మీ బండి గీతలు, మీ పేటలో ఆ మోడల్‌కున్న గిరాకీ ఆ పట్టికకు తెలియవు. ఇద్దరు ముగ్గురు సెకండ్ హ్యాండ్ డీలర్లను అడిగి, వాళ్లు ఇస్తామన్న ధర రాసుకోండి. వాళ్లు అమ్ముతామన్న ధర కాదు.

బావమరిది బండికి పోయినేడు 52,000 ఇస్తామన్నారు, ఇప్పుడు 45,000 అంటున్నారు. ఈ ఏడాది నష్టం 7,000. "మరి నేను కొన్నది 98,000కి కదా బావా, 53,000 పోయినట్టు కాదా?" అన్నాడు. పోయిన మాట నిజమే, కానీ ఇవాళ అమ్మినా ఆ డబ్బు తిరిగి రాదు. ఉంచాలా, అమ్మాలా అనే ప్రశ్నకు ఇకముందు పోయేదే ముఖ్యం. కొత్తగా కొనబోయేవాళ్ల లెక్క వేరు. వాళ్లు ఎన్నేళ్లు ఉంచుకుంటారో అన్నేళ్లకు పూర్తి తగ్గుదలను పంచాలి. ఇదే బండి ఎనిమిదేళ్లు నడిపి 22,000కి అమ్మితే తగ్గుదల 76,000, ఏడాదికి 9,500. రెండేళ్లకే అమ్మేసేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సుకు పెట్టింది మొదటి రోజే చేజారిపోతుంది.

ఈఎంఐ కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈఎంఐ మొత్తం ఖర్చు కాదు. అసలు భాగం బండి విలువలో ఉంది, అది తగ్గుదల రూపంలో ఎటూ లెక్కలోకి వస్తుంది. వడ్డీ భాగం మాత్రమే ఖర్చు. నగదు పెట్టి కొన్నవాళ్లకు కూడా కనబడని వడ్డీ ఉంది. ఆ 52,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే ఆరు శాతం చొప్పున ఏడాదికి మూడు వేల పైచిలుకు వచ్చేది. దాన్ని 3,100గా వేసుకున్నాం.

ఇవి కాక బ్యాటరీ మూడేళ్లకు 1,500 కాబట్టి ఏడాదికి 500. పొల్యూషన్ సర్టిఫికెట్, పార్కింగు, హెల్మెటు, రెయిన్‌కోటు కలిపి 1,150. చలాన్లు కలపలేదు. అది బండి ఖర్చు కాదు, మనిషి ఖర్చు.

మొత్తం: 7,000, 3,100, 1,250, 500, 1,150. కూడితే ఏడాదికి 13,000, నెలకు 1,083. ఏడాదికి తిరిగిన 7,560 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 1 రూపాయి 72 పైసలు. ఇందాకటి 3.18తో కలిపితే 4 రూపాయల 90 పైసలు. ఇది రెండో అంకె.

ఈ రెండో అంకె బండిది మాత్రమే కాదు, దాన్ని తిప్పేవాళ్లది కూడా. ఇదే బండిని ఒకాయన నెలకు 200 కిలోమీటర్లే తిప్పితే, ఆ 13,000ను 2,400 కిలోమీటర్లే మోయాలి. కిలోమీటరుకు 5.42 అవుతుంది, నడిపే ఖర్చుతో కలిపి 8 రూపాయల 60 పైసలు. కాబట్టి "స్కూటర్‌కు కిలోమీటరుకు ఇంత" అని ఎవరైనా చెబితే, నెలకు ఎంత తిరుగుతావని అడగందే ఆ అంకెను తీసుకోవద్దు.

బస్సుతో పోలిక

హైదరాబాద్ సిటీ బస్సుల నెల పాసు 2025 జూన్‌లో పెరిగాక మెట్రో ఎక్స్‌ప్రెస్‌కు 1,600 అయింది. బావమరిది ఆఫీసు ప్రయాణం నెలకు 480 కిలోమీటర్లు. బండి మీద వెళ్తే నడిపే ఖర్చు 3.18 చొప్పున 1,526.

అంటే బండిని ఇంట్లో పెట్టి పాసు తీసుకుంటే మిగిలేదేమీ లేదు, పైగా 74 రూపాయలు ఎదురు. బండి ఉంచుకుంటూనే "డబ్బు ఆదా కోసం" బస్సు పాసు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు నడుము నొప్పో, ట్రాఫిక్ చిరాకో తగ్గితే తగ్గవచ్చు, డబ్బు మాత్రం మిగలదు. ఇన్సూరెన్సు, విలువ తగ్గుదల, వడ్డీ ఎక్కడికీ పోలేదు కదా.

బండి అమ్మేస్తే కథ మారుతుంది. అప్పుడు పోల్చాల్సింది 630 కిలోమీటర్లకు 4.90 చొప్పున 3,087 రూపాయలను. పాసుకు 1,600 పోగా 1,487 మిగులుతుంది. ఆఫీసు కాని 150 కిలోమీటర్లలో కొన్నిటికి పాసే పనికొస్తుంది. బస్సు లేని చోట్లకు, రాత్రిళ్లు, సామాను ఉన్నప్పుడు ఆటో ఎక్కాలి. ఆటోకు కిలోమీటరుకు 20 రూపాయలు పడుతుందనుకుంటే ఆ 1,487తో సుమారు 75 కిలోమీటర్లు తిరగవచ్చు. కాబట్టి మొత్తం లెక్క చివరికి ఒక చిన్న ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: నెలకు ఆటో ప్రయాణం 75 కిలోమీటర్ల లోపు సరిపెట్టుకోగలడా? సరిపెట్టుకుంటే అమ్మడం లాభం, లేకపోతే ఉంచుకోవడం లాభం.

ఇంటి నుంచి బస్‌స్టాపు దూరమైతే ఈ గీత జరుగుతుంది. షేర్ ఆటోకు పోను పది, రాను పది చొప్పున 24 రోజులకు 480 అవుతుంది. అప్పుడు మిగిలేది 1,007, అంటే ఆటోకు యాభై కిలోమీటర్లే. పాసు ధర చూసి మురిసిపోయేవాళ్లు ఈ పది రూపాయలనే మరిచిపోతారు.

మహిళలకు ఈ పట్టిక పూర్తిగా తిరగబడుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది. ఇదే స్కూటర్ మా చెల్లెలిదైతే, బండి ఇంట్లోనే ఉంచి బస్సెక్కినా నెలకు 1,526 నికరంగా మిగులుతుంది. అమ్మేస్తే 3,087తో ఆటోకు 154 కిలోమీటర్లు వస్తాయి, ఆఫీసు కాని తిరుగుడు మొత్తం ఆటోలోనే తిరిగినా సరిపోతుంది. రద్దీ, సమయం, పిల్లల స్కూలు వేరే సంగతులు. వాటికి విలువ కట్టాలనుకుంటే కట్టండి, కానీ ఈ పద్దులో కలపకుండా పక్కన రాసుకోండి. కలిపేస్తే ఏ కారణంతో నిర్ణయం తీసుకున్నామో మనకే తెలియకుండా పోతుంది.

ఆటోకు కిలోమీటరు లెక్క ఎందుకు మోసం చేస్తుంది

బండి ఖర్చు దూరంతో పాటు సమంగా పెరుగుతుంది. ఆటో అలా కాదు. మీటర్ మీద నడిచినా మొదటి కొద్ది దూరానికి కనీస ఛార్జి ఉంటుంది, బేరం మీదైతే ఒక కిలోమీటరుకు కూడా నలభై యాభై కంటే తక్కువకు రారు. అందుకని రెండు కిలోమీటర్లకు యాభై ఇచ్చి, ఎనిమిదింటికి 140 ఇచ్చేవాళ్ల సగటు ఎంతో ఊహించి చెప్పలేం. పైన నేను వాడిన 20 రూపాయలు అలాంటి మిశ్రమానికి వేసుకున్న సగటు.

మీ సగటు తెలుసుకోవాలంటే నెల రోజులు ఎక్కిన ప్రతి ఆటోకూ ఇచ్చిన సొమ్ము, మ్యాపులో చూపించిన దూరం రాసుకుని, మొత్తం సొమ్మును మొత్తం దూరంతో భాగించండి. ఒక్కో ప్రయాణానికి సగటు కట్టి, ఆ సగటులకు మళ్లీ సగటు కట్టకూడదు. పై ఉదాహరణలో ఒకదానికి 25, రెండోదానికి 17.50, వాటి సగటు 21.25 వస్తుంది. నిజానికి 190 రూపాయలకు పది కిలోమీటర్లు తిరిగారు, కాబట్టి 19. యాప్ బుకింగు చేసేవాళ్లు వాన రోజు రేట్లనూ అందులో ఉండనివ్వాలి. వానకే కదా ఆటో ఎక్కువగా ఎక్కేది.

బస్సు ఒక్కో తలకు టికెట్టు అడుగుతుంది, ఆటో అడగదు, బండి కూడా అడగదు. పది కిలోమీటర్లకు అన్నదమ్ములిద్దరూ స్కూటర్ మీద వెళ్తే నడిపే ఖర్చు 32 దగ్గరే ఉంటుంది, బరువుకు పెట్రోలు కాస్త ఎక్కువ తాగినా మరో రెండు మూడు రూపాయలు. బస్సులో టికెట్టు 35 ఉంటే ఇద్దరికీ 70. ఆటోలో ముగ్గురు ఎక్కితే 180 కాస్తా తలకు 60 అవుతుంది. అందుకే మీ తిరుగుడులో ఎన్ని కిలోమీటర్లు ఇద్దరు కలిసి తిరుగుతారో విడిగా రాసుకోవాలి. ఆ కిలోమీటర్లను బండి లేకుండా తిరగాలంటే బస్సు ఖర్చు రెట్టింపు వేయాలి. బావమరిది 150లో దాదాపు సగం అలాంటివే. ఆయన పాసు తనకొక్కడికే పనికొస్తుంది, పక్కన ఉన్నవాళ్లకు కాదు. అందువల్ల ఆటో 75 కిలోమీటర్లు దాటడం ఖాయమని తేలి, ప్రస్తుతానికి బండి అమ్మకం ఆగింది.

లెక్క మళ్లీ ఎప్పుడు చేయాలి

పెట్రోలు రేటు మారినప్పుడల్లా తిరగేయక్కర్లేదు. లీటరుకు అయిదు రూపాయలు పెరిగినా, 45 మైలేజీ బండికి కిలోమీటరుకు పెరిగేది పదకొండు పైసలు. నెలకు 630 కిలోమీటర్లకు డెబ్బై రూపాయలు. మైలేజీ 45 నుంచి 40కి పడితే మాత్రం ముప్పై పైసలు పెరుగుతుంది, అంటే నెలకు 190. పేపర్లో వచ్చే రేటు కంటే మన టైర్లలో గాలే ఎక్కువ ఖర్చు పెట్టించగలదు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి గత రెండు వేల కిలోమీటర్ల పెట్రోలు ఖర్చు చూసుకోండి. వరుసగా రెండుసార్లు పెరిగితే ముందు టైర్ల గాలి, తర్వాత మెయిన్ స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందా, ఆ తర్వాత ఎయిర్ ఫిల్టరు చూడాలి. చాలావరకు ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

పూర్తి లెక్క తిరగేయాల్సింది మాత్రం మూడు సందర్భాల్లో. ఆఫీసు మారి నెల కిలోమీటర్లు మారినప్పుడు, బస్సు పాసు ధర మారినప్పుడు, బండి అయిదేళ్లు దాటి థర్డ్ పార్టీ ఏటా కట్టడం మొదలైనప్పుడు. మూడోది జరిగేసరికి విలువ తగ్గుదల కూడా మెల్లగిస్తుంది కాబట్టి, జీఎస్టీతో కలిపి కొత్తగా చేరే 843 రూపాయలు చూసి కంగారు పడకుండా, ఆ రోజు డీలర్ ఇస్తామన్న ధరను కూడా పక్కన రాసుకుని రెండూ కలిపి చూడండి.